రోసెట్టాలో తెరుచుకున్న పాటలు

జగ్గయ్యపేట చర్చికి పాటలు కట్టిన నా మిత్రుడు పోయాక, ఆ స్వరాలన్నీ ఇంటెల్ చిప్ ఉన్న పాత మ్యాక్ కంప్యూటర్ కోసం చేసిన ఒక అప్లికేషన్‌లో ఉండిపోయాయి. ఆయన భార్య కొన్న కొత్త మ్యాక్‌లో ఉన్నది యాపిల్ చిప్. నేను నందిగామ నుంచి వెళ్ళి ఆ అప్లికేషన్ తెరవబోతే, పాత ఇంటెల్ ప్రోగ్రాముల్ని కొత్త చిప్ మీద నడిపించే రోసెట్టా పెట్టమంది. పెట్టాను. అప్లికేషన్ మొదటిసారి నెమ్మదిగా తెరుచుకుంది, పాట మోగింది.

“ఆయన పాటలు వాయించే కీబోర్డు మాత్రం పలకదమ్మా. దాన్ని మ్యాక్‌తో కలిపే పాత డ్రైవరు ప్రోగ్రాము సిస్టమ్ లోపల నడిచే రకం, రోసెట్టాకి అందదు. దానిమీద కొత్త పాట వాయించి ఎక్కించలేం,” అన్నాను.

“కట్టే మనిషే లేరుగా అన్నయ్యగారూ! ఉన్నవి ఉంటే చాలండి.”

“ముందుముందు యాపిల్ వాళ్ళు రోసెట్టా కూడా తీసేస్తారంట. ఇప్పుడే కాగితాలమీదకి తీద్దాం.”

సాయంత్రానికి అన్నీ ప్రింటు తీశాం. చివరి పాట ఆయన రాసింది సగంలోనే ఆగిపోయింది. మిగతాది ఆమె పాడింది.