బట్ట బాకీకి నాలుగు విడతలు

ఆ ఆగస్టులో మా ఇంట్లో ఫోను మోగితే నాకు ఒళ్లు మండేది. బాకీ ఉన్నందుకు కాదు. ఫోనెత్తి మా ఆయన చెప్పే మాటకు.

"వచ్చే వారం ఏసేస్తా భాయ్. కచ్చితంగా."

అవతల ఉండేది కర్నూలు హోల్‌సేల్ బట్టల కొట్టు యజమాని. ఆత్మకూరులో మాకు చిన్న కుట్టు యూనిట్ ఉంది. ఎనిమిది మిషన్లు, కుట్టేవాళ్లంతా ఆడవాళ్లు, సగం మంది మా చర్చి వాళ్లే. బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం మా పని. ఏప్రిల్, మే నెలల్లో ఆ భాయ్ దగ్గరే తానులు తానులుగా బట్ట తెచ్చుకుంటాం. రెండు నెలల అరువు. జూన్‌లో బళ్లు తెరిచేసరికి కుట్టి ఇస్తాం, బడి వాళ్లు డబ్బిస్తే జూలై ఆఖరుకు భాయ్‌కి కడతాం. ఏళ్ల తరబడి అట్లే నడిచింది.

ఆ ఏడు మా పెద్ద ఆర్డరు ఒక ప్రైవేటు స్కూలుది. రెండు బ్రాంచీలు, వెయ్యికి పైగా జతలు. చొక్కాలు, నిక్కర్లు, చుడీదార్లు అన్నీ చెప్పిన తేదీకి ఇచ్చేసినాం. అడ్వాన్సు కింద ఇచ్చిన కొంచెం తప్ప తర్వాత పైసా రాలేదు. తల్లిదండ్రులు ఫీజులు కట్టడం లేదంట. అందరూ రైతులే, పత్తి చేతికి రావాలంట. బట్ట పిల్లల ఒంటి మీద ఉంది, బాకీ మా నెత్తి మీద ఉంది.

ఇట్లాంటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేస్తే అయిపోతుంది కదా. మా ఆయనకు అది చేత కాదు. మనిషి మంచోడు, అందరికీ కావాల్సినోడు. కొలతలు తీసుకునేదానికి బడికి పోతే టీచర్లంతా కూర్చోబెట్టి టీ ఇస్తారు. కానీ ఎదుటివాడి మొహం మీద "లేదు" అనలేడు. వచ్చే వారం అంటాడు. ఆ వారం వస్తుంది. ఇంకో వచ్చే వారం చెప్తాడు. ఆఖరుకు ఫోను ఎత్తడమే మానేసినాడు.

అప్పుడు భాయ్ నాకు చేసినాడు.

"అమ్మా, మీ ఆయన ఫోను ఎత్తల్యా. దుడ్లు లేకపోతే లేవని చెప్పమను. మిల్లు వాడు నన్ను పీక్కు తింటాండాడు. వాడికి నేనేం తారీఖు చెప్పేది?"

అంత సిగ్గు నాకు ఎప్పుడూ అనిపించలేదు. "ఈ వారంలో నేనే కర్నూలుకు వస్తా భాయ్, కూర్చొని మాట్లాడుకుందాం" అన్నాను.

"వచ్చే వారమైతే వద్దులే" అన్నాడు. నవ్వినాడో లేదో తెలియలేదు.

ఫోను పెట్టేసి మా ఆయన మీద పడినాను. "ఏమయ్యా, ఎందుకట్లా చెప్తాండావు? యాడ నుంచి తెస్తావు వచ్చే వారం?"

"ఏదో ఒకటి చెప్పాల కదా. పరువు పోతాది."

"ఫోనెత్తకపోతే పోలేదా పరువు?"

చొక్కా తొడుక్కొని బజారుకు పోయినాడు.

మరుసటి రోజు నేను స్కూలుకు పోయినాను. కరస్పాండెంటు గదిలో ఏసీ, గోడకు ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలు. ఆ పిల్లలందరి ఒంటి మీద మేము కుట్టిన చొక్కాలే. "దసరా పోనీమ్మా, చూద్దాం" అన్నాడాయన.

"చూద్దాం అంటే నేను కర్నూలులో ఏం చెప్పాల సార్? ఏ నెలలో ఎంత ఇస్తారో చెప్పండి. తక్కువైనా పర్వాలేదు. కానీ తేదీ కావాల."

ఆయన అకౌంటెంటును పిలిచినాడు, కంప్యూటరు చూసినాడు, నిట్టూర్చినాడు, మధ్యలో ఎవరితోనో ఫోనులో నవ్వుతూ శానా సేపు మాట్లాడినాడు. నేను లేవలేదు. కాఫీ తెప్పిస్తే తాగి మళ్లీ అదే అడిగినాను. చివరికి సెప్టెంబరు ఆఖరు నుంచి నెలకు ఒక భాగం, మూడు నెలల్లో మొత్తం అని స్కూలు లెటర్‌హెడ్ మీద రాయించి సంతకం చేసిచ్చినాడు. ఆ కాయితం కోసం ఒక పూట పోయింది.

ఇంటికొచ్చి కూర్చున్నాను. కర్నూలు బాకీ నాలుగు లక్షలు. నర్సింగు కాలేజీ కోట్లు కుట్టిన డబ్బు అప్పుడే వచ్చింది. దాంట్లోంచి ఆడవాళ్ల కూలి, కరెంటు బిల్లు తీసేస్తే ఒక లక్ష ఇవ్వొచ్చు. మిగిలిన మూడు లక్షలు మూడు నెలలు. స్కూలు వాళ్లు నెలాఖరు అన్నారు కాబట్టి నేను భాయ్‌కి చెప్పే తేదీ ఆ పై నెల పదో తారీఖు. ఆ పది రోజులు ఎందుకని మా ఆయన అడిగినాడు.

"వాళ్లు నెలాఖరు అంటే నెలాఖరుకు ఇస్తారా?"

"ఇయ్యరు" అని ఒప్పుకున్నాడు.

"నువ్వు నా పక్కన ఊరికే కూర్చో. మాట్లాడాల్సింది నేను మాట్లాడతా" అని ఒకటికి రెండు సార్లు చెప్పినాను. సరేనన్నాడు. నందికొట్కూరు దాటేదాకా బస్సులో కూడా చెప్పినాను. సరే, సరే అన్నాడు.

భాయ్ కొట్టు బజారులో ఇరుకు సందులో ఉంటుంది. లోపల నేల మీద తెల్లటి పరుపు, చుట్టూ కప్పు దాకా తానులు. భాయ్ పెద్దాయన, కళ్లద్దాలు నుదుటి మీదకు తోసుకొని కూర్చున్నాడు. మాకు చాయ్ చెప్పినాడు. నేను సుత్తి లేకుండా మొదలుపెట్టినాను.

"భాయ్, అంతా ఒకేసారి కట్టలేము. బడి వాళ్ల దగ్గర ఆగిపోయింది. ఇదిగో వాళ్లు రాసిచ్చిన కాయితం. ఈ రోజు ఒక లక్ష తెచ్చినాము. మిగతాది అక్టోబరు, నవంబరు, డిసెంబరు, నెలకు ఒక లక్ష, పదో తారీఖుకు. అంతవరకు కొత్త బట్ట ఏది కావాలన్నా రొక్కం ఇచ్చే తీసుకుంటాము."

ఆయన స్కూలు కాయితం తీసుకొని మెల్లగా చదివినాడు. ఏదో అనబోతుండగా, నా పక్కనున్న మనిషికి ఊపు వచ్చింది.

"అంత దూరం ఎందుకు భాయ్! ఈ నెలాఖరుకే సగం ఏసేస్తాం. మనది మాటంటే మాట. ఎన్నేండ్ల సావాసం మనది!"

చేతిలో చాయ్ గ్లాసు లేకపోతే ఏం చేసేదాన్నో తెలియదు. భాయ్ కళ్లద్దాలు దించి ఆయన్ను చూసినాడు, తర్వాత నన్ను చూసినాడు. బట్ట కొలుస్తున్న గుమాస్తా కూడా చెయ్యి ఆపినాడు.

"ఏమప్పా, సగమా? ఇప్పుడు మీ ఇంటామె ఇంకోటి చెప్పె కదా?"

"లేదు భాయ్" అన్నాను. నలుగురిలో మొగుడి మాట కాదనడం నాకు అదే మొదటిసారి. "ఈ నెలాఖరుకు సగం రాదు. రానిదాన్ని వస్తాదని చెప్పి రేపు మీ చేత మాట పడలేను. నేను చెప్పిందే నిజం. బ్యాంకు ఖాతా నా పేరు మీద ఉండాది, చెక్కు ఇచ్చినా నేనే సంతకం పెట్టాల."

మా ఆయన చాయ్‌లోకి చూస్తూ కూర్చున్నాడు.

భాయ్ స్కూలు కాయితం మడిచి నాకు తిరిగిచ్చినాడు. తర్వాత మెల్లగా తన బాధలన్నీ ఏకరువు పెట్టినాడు. మిల్లు వాడు గడువు దాటితే వడ్డీ వేస్తాడంట. ఈ బజారులో ఇంకా నలుగురు ఇట్లే బాకీ ఉన్నారంట. పోయినేడు ఒకాయన విడతలు అని ఒక విడత కట్టి ఊరే మారిపోయినాడంట. మేము వినాల్సి వచ్చింది. బాకీ ఉన్నోళ్లు వినక చస్తారా.

"సరేమ్మా. ముందే వచ్చి చెప్పినావు, తారీఖులతో చెప్పినావు. మూడు చెక్కులు ఈరోజే రాసియ్యి, ఆ తారీఖులు ఏసి. తారీఖుకు పడితే వడ్డీ అడగను. తప్పినావంటే గడువు దాటిన కాడి నుంచి నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ, మిగిలిందంతా ఒకేసారి. బేరం లేదు."

"ఒకటి అడుగుతా భాయ్. ఏదైనా తేడా వస్తాదనుకుంటే వారం ముందే ఫోను చేస్తా. నాకు చెప్పకుండా చెక్కు బ్యాంకులో ఎయ్యొద్దు. బౌన్సయితే కేసు నా మీద పడతాది."

"వారం ముందు చేస్తే ఆలోచిస్తా. ఆ పొద్దే చేస్తే వినను."

లక్షకు పాత బిల్లుల్లో మొదటివి కొట్టేయించి రసీదు రాయించుకున్నాను. చెక్కులు రాసిచ్చినాను.

తిరుగు బస్సులో మా ఆయన కిటికీ పక్కకు పోయి కూర్చున్నాడు. ఆత్మకూరు దగ్గరికి వచ్చేసరికి "అందరి ముందర అట్లా అనాల్నా?" అన్నాడు. "నువ్వు అందరి ముందర అట్లా చెప్పాల్నా?" అన్నాను. ఆ రాత్రి అన్నం పెట్టినప్పుడు మాత్రం, "నెలాఖరు అంటే ఎట్లా తెచ్చేవాళ్లం" అని తనకు తానే గొణుక్కున్నాడు. నాకు ఇంకా కోపం వచ్చింది. అదేదో కొట్టులో ఆలోచించుంటే?

అక్టోబరు చెక్కు పడింది. స్కూలు డబ్బు నెలాఖరుకు కాక ఏడో తారీఖుకు వచ్చింది. నవంబరులో అది కూడా రాలేదు. నెల మొదట్లోనే స్కూలుకు పోతే కరస్పాండెంటు తిరుపతి పోయినాడన్నారు, తర్వాత పెళ్లికి పోయినాడన్నారు. వారం ముందే నేను కర్నూలుకు ఫోను చేసినాను. భాయ్ అరిచినాడు. ఒక్కసారి కాదు, మాట మాటకూ అరిచినాడు. నేను గొంతు పెంచలేదు. మా దగ్గర రవికల పని, ఆసుపత్రి బట్టల పని మీద వచ్చిన డబ్బుతో ఆ విడతలో సగం అప్పుడే పంపిస్తానన్నాను, మిగతా సగం ఇరవైకి. అరిచి అరిచి, "సగం నా ఖాతాలోకి పంపు, ఆ చెక్కు ఆపుతా. ఇరవైకి మిగిలింది రాకపోతే నీ ఫోను నేను ఎత్తను" అన్నాడు. పద్దెనిమిదో తారీఖుకే పంపినాను, ఎందుకంటే అంతకు ముందు రోజు మా ఆయన స్కూలు గేటు దగ్గర కూర్చొని కదల్లేదు. టీ ఇచ్చినా తాగలేదంట. డబ్బు తీసుకొనే ఇంటికొచ్చినాడు. అది ఆయన చేసిన పని, చెప్పకపోతే తప్పవుతుంది.

డిసెంబరు చెక్కు మామూలుగా పడింది. వాడకుండా ఉండిపోయిన నవంబరు చెక్కును భాయ్ మనిషి చేత పంపించినాడు. వడ్డీ అడగలేదు. కానీ మరుసటి ఏడు బట్టకు పోతే అరువు సగం సరుకుకే ఇచ్చినాడు, అది కూడా నెలకే. మిగతా సగానికి ముందే డబ్బు. ఏళ్ల నుంచి వస్తున్నోళ్లం కదా భాయ్ అంటే, "అందుకే ఆ సగమైనా ఇస్తాండా" అన్నాడు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. తప్పు చేసినోడు ఆ స్కూలు వాడు. చెప్పిన మాట తప్పకుండా చూసుకున్నదాన్ని నేను. నమ్మకం తగ్గింది మా మీద.

ఆ కోపంతోనే నేరుగా స్కూలుకు పోయి కరస్పాండెంటు ఎదురుగా కూర్చున్నాను. ఈసారి ఆర్డరు కావాలంటే సగం ముందు ఇయ్యాల, లేకపోతే కత్తెర పట్టను అన్నాను. వేరే టైలర్లున్నారన్నాడు. "ఉండారు సార్. వాళ్ల దగ్గరికి పోండి" అని లేచినాను. గుమ్మం దాకా పోయినాక పిలిచినాడు. సగం కాదు గాని, మూడో వంతు ఇచ్చినాడు. తీసుకున్నాను.