మూడు అరల బీరువా

చింతామణిలో ఆ కోచింగ్ సెంటర్ ముందు పెద్ద ఫ్లెక్సీ ఉండేది. అందులో ర్యాంకులు వచ్చిన పిల్లల ముఖాలు తపాలా బిళ్లంత, యజమాని ముఖం గుమ్మడికాయంత. లెక్కల సారు కూడా ఆయనే. లెక్క అర్థం కాకుండానే జవాబు తెప్పించే షార్ట్‌కట్లకు ఆయన పేరు చిక్కబళ్లాపురం దాకా మోగేది.

అలాంటి మనిషి దగ్గరికి నేను ఉద్యోగం కోసం వెళ్లాను. అంతకుముందు బాగేపల్లిలో ఇంటర్ చెప్పే పీయూ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా ఉండేదాన్ని. పర్మనెంట్ లెక్చరర్ వచ్చాక నా పని పోయి, ఇంట్లో కూర్చున్నాను. మా నాన్న గుడిలో పూజ చేసేవాడు. దేవుణ్ణి తప్ప ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు. ఆయన నా కోసం చింతామణి బస్సెక్కి, ఈ సారు ముందు చేతులు కట్టుకుని నిలబడి అడిగి వచ్చాడు. అందుకే ఆ ఉద్యోగం నాకు రావాలనుకున్నాను.

డెమో క్లాసు. పిల్లలు బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. సారు వెనక కుర్చీలో కాఫీ తాగుతున్నాడు. మూడు సమీకరణాలు, మూడు తెలియని రాశులు చెప్పమన్నాడు. ఒక్కో సమీకరణం ఒక్కో తలం కదా, ముందు వాటిని కళ్లకు చూపిద్దామనుకున్నాను. గది మూల చూపించాను. రెండు గోడలు, నేల ఒక్క బిందువు దగ్గర కలుస్తాయి, అదే ఏకైక సాధన. పుస్తకం తెరిచి మూడు కాగితాలు విడదీసి పట్టుకున్నాను. మూడూ కుట్టు వెంట ఒక గీత మీద కలుస్తాయి, ఆ గీత మీద ప్రతి బిందువూ సాధనే. పెంకుటిల్లు బొమ్మ గీశాను. రెండు వాలు కప్పులు, కింద అటక. ఏ రెండు తీసుకున్నా ఒక గీత దగ్గర కలుస్తాయి గానీ, మూడింటికీ కలిసి ఒక్క బిందువూ లేదు. పిల్లలు తలలెత్తి చూస్తున్నారు.

"ఇల్లు కట్టేదానికి వచ్చినావేమ్మా?" అన్నాడు సారు వెనకనుంచి. క్లాసంతా నవ్వింది. "పరీక్షలో ఒక్కో ప్రశ్నకి నిమిషమే ఉండేది. నాలుగు డిటర్మినెంట్లు కట్టు. నాలుగూ సున్నా అయితే అనంత సాధనలు. అంతే."

ఇది ఆయన మెటీరియల్‌లో పెద్ద అక్షరాలతో అచ్చేసిన సూత్రం. అది తప్పు. ఊరుకుంటే ఉద్యోగం వచ్చేది. కానీ క్లాసులో మూలన మూడు అరల బీరువా ఉంది. దాన్ని చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

బోర్డు మీద x + y + z = 1 రాశాను. కింద అదే రాసి 2, దాని కింద అదే రాసి 3. ఎడమవైపు మూడూ ఒకటే కాబట్టి డిటర్మినెంట్లు నాలుగూ సున్నాయే. పిల్లల చేతనే కట్టించాను. "ఇవి ఆ బీరువా అరల మాదిరి సమాంతర తలాలు. ఈ మూడు అరలూ యాడ కలుస్తాయో చెప్పండి" అన్నాను. ఒకమ్మాయి మెల్లగా, "యాడా కలవవు మేడమ్" అంది.

సారు లేచి వచ్చాడు. తప్పు ఒప్పుకుంటాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి ఆయన. డస్టర్ తీసి నా 2, నా 3 తుడిచేసి, రెండు చోట్లా 1 రాశాడు. "ఇప్పుడు చూడు, అనంత సాధనలే కదా! సూత్రం సరిగ్గా ఉండాది. నువ్వు ఇచ్చిన లెక్కే సరిలేదు."

మూడు అరలనూ పీకి ఒకే చోట బిగించి, బీరువా బాగైందన్నాడు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అన్నిటికంటే ఎక్కువ అసహ్యం వేసింది ఆయన ముఖంలోని తృప్తి చూసి.

"సోమవారం నుంచి రా అమ్మా. ఈ గోడలూ బీరువాలూ మటుకు ఇంట్లో పెట్టి రా" అన్నాడు.

ఉద్యోగం వచ్చింది. చేతిలో చాక్‌పీసు ఉంది. రెండో 1 తుడిచి 2, మూడో 1 తుడిచి 3 మళ్లీ రాశాను.

సారు నా వైపు చూడలేదు. పిల్లల వైపు తిరిగి, "ఇది ఎవరూ రాసుకోవద్దండి" అన్నాడు. గదిలోని పెన్నులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. జవాబు చెప్పిన అమ్మాయిదీ ఆగింది. చాక్‌పీసు అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను.

బాగేపల్లి బస్సులో దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాను. నాన్న వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు.

"ఏమన్న్యాడమ్మా ఆయప్ప?"

"రాసుకోవద్దన్నాడు నాయనా" అని జరిగిందంతా చెప్పాను. లెక్క ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. అంతా విని, "నువ్వు రాసింది నిజమేనా?" అని మాత్రం అడిగాడు.

నిజమే అన్నాను.

నాన్న భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ, "అట్లయితే ఇంకొక సారు యాడుండాడో కనుక్కోమ్మా. నేనొచ్చి అడుగుతా" అన్నాడు.