బుగ్దాకు ఎంత నంబరు?

రాక్‌వెల్ మిషను ముందుకు మొదటిసారి వచ్చిన వాళ్లందరూ ఒకే పొరపాటు చేస్తారు. ముల్లు చూపించే అంకెను మార్కులనుకుంటారు. యాభై ఆరు అని చెప్తే మొహం వేలాడేస్తారు, అరవై రెండు అంటే పిల్లాడికి ర్యాంకు వచ్చినంత సంబరపడతారు. ప్రభుత్వ ఫ్యాక్టరీ ల్యాబులో లోహాలు పరీక్షించినన్నాళ్లూ, ఆ ఉద్యోగం మానేసి సంతోష్‌నగర్‌లో మా ఇంటి కింద గదిలో సొంతంగా ఒక మిషను పెట్టుకున్నాక కూడా, ఈ మార్కుల పిచ్చితో నాకు తల బొప్పి కడుతూనే ఉంది. ఆ మిషను చేసే పని ఒక్కటే. వజ్రపు మొనను మొదట పది కిలోల బరువుతో ఉక్కు మీద ఆనిస్తుంది, తర్వాత నూట యాభై కిలోలతో నొక్కి, మళ్లీ పదికి వదిలి, మొన ఎంత లోతు దిగిందో చూస్తుంది. తక్కువ దిగితే పెద్ద అంకె. ఉక్కు ఎంత గట్టిదో అది చెప్తుంది. దెబ్బకు తట్టుకుంటుందా, ఫట్‌మని విరుగుతుందా అన్నది చెప్పదు. అది మనం ఆలోచించుకోవాలి.

బక్రీద్ ముందు నా దగ్గరికి కత్తులు తెచ్చేది ఒక్కతే అమ్మాయి. బహదూర్‌పురాలో వాళ్లది కమ్మరి కొలిమి. తండ్రి పోయాక కొలిమి తనే నడుపుకుంటోంది. ఆయన కాలిన ఉక్కు రంగు చూసి పదును పెట్టేవాడు. ఈమె చిన్న కరెంటు ఫర్నేసు కొనుక్కుంది. లారీ కమాను పట్టీలతో చురీలు, బుగ్దాలు చేస్తుంది. చురీ అంటే మాంసం కోసే సన్న కత్తి, బుగ్దా అంటే ఎముక నరికే పెద్ద వెడల్పాటి కత్తి. తండ్రి ఉన్నప్పుడు కత్తులన్నీ తీసుకునే మటన్ షాపు చాచాకు ఈసారి మొదటిసారిగా ఈమె సరుకు ఇవ్వబోతోంది.

ఆ రోజు తెచ్చినవన్నీ సాఫుగా రుద్ది, పిడి వైపు చదునైన చోట పరీక్షించాను. చురీలు అరవై. బాగున్నాయి. బుగ్దాలు అరవై ఒకటి. నాకు ఒళ్లు మండింది.

"బుగ్దాకు అరవై ఒకటేంటమ్మా? దీంతో పూలు కోస్తారా?"

పోయినేడు వాళ్ల నాన్న ఇచ్చిన కత్తులు తొందరగా మొద్దుబారాయని చాచా కోపంగా ఉన్నాడట. ఎవరో ఫోన్లో వీడియో చూపించారట, అరవై ఉంటేనే అసలైన ఉక్కని. ఈసారి ఏదీ అరవైకి తగ్గకూడదు, లేకపోతే బేగంబజార్‌లో రెడీమేడ్ తెచ్చుకుంటానని తేల్చి చెప్పాడట.

"చాచా పోతే ఆయన ఎన్క మిగితా షాపులోళ్లు పోతరు అక్కా. అందరు నాయిన మొకం చూసి వచ్చెటోళ్లే," అంది.

కోప్పడినందుకు నాకే బాధేసింది. కూర్చోబెట్టి టీ ఇచ్చి, మా అమ్మ చిక్కీ పాకం సంగతి చెప్పాను. పాకం ముదిరితే చిక్కీ గట్టిగా వస్తుంది, ఫెళ్లున విరుగుతుంది. లేత పాకమైతే వంగుతుందే గానీ ముక్కలవదు. ఉక్కూ అంతే. ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన వెంటనే అది ముదురు పాకంలా ఉంటుంది. మళ్లీ కొంచెం వేడి చేస్తేనే పెళుసుదనం తగ్గుతుంది. ఆ రెండో వేడి పెంచేకొద్దీ అంకె తగ్గుతుంది, దెబ్బకు ఓర్చుకునే గుణం పెరుగుతుంది. చురీ మాంసంలోంచి జారిపోతుంది కాబట్టి దానికి గట్టిదనం కావాలి. బుగ్దా రోజంతా మూలుగ ఉండే నల్లీ ఎముకల మీద దెబ్బలు తింటుంది, దానికి ఓర్పు కావాలి. ఈమె రెండిటికీ ఒకే వేడి ఇచ్చింది. అంతా విన్నది గానీ, చాచా మాట కాదంటే ఎలా అన్న బెంగ మొహంలోంచి పోలేదు. చివరికి సరుకంతా ఒకేసారి ఇవ్వకుండా ఒక్క బుగ్దాను ముందు చాచా చేత ఎముక మీద కొట్టించి చూద్దామని ఒప్పించాను.

మర్నాడు పొద్దున నేనూ వెళ్లాను. ఎలాగూ మా ఇంటికి మటన్ కావాలి, పైగా ఆ మనిషి ఏమంటాడో చూడాలన్న పట్టుదల కూడా ఉంది. చాచా చేతిలోకి బుగ్దా తీసుకుని, చేతి మీది వెంట్రుకలు గీకి చూసుకుని మురిసిపోయాడు. ఆయన ముందు, అందరూ ఖాలా అని పిలిచే ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఆ వీధి ఆవిడే, కూతురు కాన్పై పుట్టింటికి వచ్చిందట, సూపుకోసం నల్లీలు అడిగింది. చాచా కొత్త బుగ్దాతో టకటకా కొట్టి సంచిలో వేసిచ్చాడు. చూశారా అన్నట్టు నా వైపు కళ్లెగరేశాడు. నా మొహం ఎర్రబడింది.

అప్పుడు కమ్మరి అమ్మాయి బుగ్దా తీసుకుని, గుడ్డతో తుడిచి, అంచు వెంట గోరు నడిపింది. మధ్యలో గోరు ఆగింది. మళ్లీ నడిపింది. మళ్లీ అక్కడే ఆగింది. బుగ్దా నాకు అందించింది. అంచులో గోటి ముక్కంత మేర లేదు.

చాచా మాంసం కొట్టే మొద్దు మీద వెతికాడు, కింద వెతికాడు. నేను తాళాల గుత్తికి కట్టుకున్న అయస్కాంతంతో మొద్దంతా, కిందంతా తడిమాను. ఏమీ అంటలేదు. అంటే ఆ ముక్క నల్లీలతో పాటే పోయింది. పచ్చి బాలింత తాగే సూపులోకి. చాచా ఖాలాకు ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఇంటి గుర్తులు చెప్పాడు. అమ్మాయి అప్పటికే స్కూటీ తీసింది. నేను వెనక ఎక్కాను. సందులో మేకలు, గడ్డి మోపులు, అడ్డం వచ్చే ఆటోలు. ఆ దారంతా నేను దేవుణ్ని అడిగింది ఒక్కటే, ఆవిడ ఇంకా పొయ్యి వెలిగించకూడదని.

పొయ్యి వెలిగింది. కుక్కర్ పక్కన పెట్టి ఉంది. నల్లీలు మాత్రం ఇంకా గిన్నెలో, కడగడానికి పోసిన నీళ్లలో ఉన్నాయి. అమ్మాయి సంగతి దాచకుండా చెప్పింది. కత్తి తనదేనని కూడా చెప్పింది. ఖాలా దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని లోపలి గది వైపు చూసింది. అక్కడ పసిపిల్ల ఏడుస్తోంది.

నీళ్లు వేరే గిన్నెలోకి వంపి, అయస్కాంతాన్ని పల్చని ప్లాస్టిక్ కవరులో చుట్టి ముందు ఆ నీళ్లలో తిప్పాను. ఏమీ లేదు. తర్వాత ఒక్కో ఎముక తీసి దాని చుట్టూ తిప్పాను. ఒకటి, ఇంకొకటి. ఫ్యాక్టరీలో ఎన్ని పరీక్షలు చేశానో, ఏనాడూ ఇంత మెల్లగా చెయ్యలేదు. చివరికి ఒక లావు ఎముక దగ్గర, మూలుగ అంచున, టిక్కుమని చిన్న చప్పుడు. నల్లటి కవరు మీద మెరుస్తూ సన్నటి నెలవంక.

నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ అమ్మాయికి అది చాల్లేదు. ముక్కను తీసి, తెచ్చుకున్న బుగ్దా అంచుకు ఆనించింది. నేను భూతద్దం పెట్టి చూశాను. ఈ కొన నుంచి ఆ కొన దాకా అతికింది. సందు లేదు, తరుగు లేదు. పోయింది ఒక్క ముక్కే, ఆ ముక్క మా చేతిలోనే ఉంది. అప్పుడు అమ్మాయి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఖాలా మా ఇద్దరికీ నీళ్లిచ్చింది. తిడుతుందనుకున్నాను. నడిచి రాకుండా స్కూటీ మీద వచ్చారు, మంచి పని చేశారంది. అయినా ఆ ఎముకలు వండొద్దని చెప్పి వెనక్కి తెచ్చేశాం. చాచా వేరేవి తన పాత బుగ్దాతో కొట్టి, తనే పట్టుకెళ్లి ఇచ్చి వచ్చాడు.

అమ్మాయి మిగతా బుగ్దాల సంగతి అడిగింది. అన్నీ పాడైనట్టేనా అని. అక్కడే నాకు మహా సంతోషంగా చెప్పాలనిపించిన మాట ఉంది. ఉక్కు మెత్తగా వస్తే మళ్లీ ఎర్రగా కాల్చి మొదటి నుంచి మొదలుపెట్టాలి. గట్టిదనం ఎక్కువై, పగుళ్లు లేకపోతే, రెండో వేడి కాస్త పెంచి ఇస్తే చాలు, దిగి వస్తుంది. ఒక్కటీ పారేయక్కర్లేదు.

పగుళ్లు ఉన్నాయేమోనని ముందు ఒక్కోదాన్నీ భూతద్దం కింద చూశాం. లేవు. సాయంత్రం దాకా బహదూర్‌పురాలో ఆమె ఫర్నేసు ముందు కూర్చున్నాం. వేడి పెరిగేకొద్దీ ఉక్కు మీద రంగు మారుతుంది. లేత పసుపుగా లోపలికి పోయినవి, గోధుమ దాటి ఊదారంగు తిరిగి బయటికి వచ్చాయి. చల్లారాక ఆ రంగు రుద్ది, మా ఇంటికి తెచ్చి మిషను మీద పెట్టాం. యాభై ఆరు. తర్వాతది యాభై ఆరు. ఆ తర్వాతది యాభై ఏడుకు కొంచెం తక్కువ. మొదటిసారి ఒక మనిషి నా మిషను ముందు చిన్న అంకె చూసి నవ్వడం చూశాను. అంచు మరీ పల్చగా ఉందని అమ్మాయి దాన్ని కూడా కాస్త మందంగా సాన పట్టింది.

మర్నాడు రెండో పరీక్షకు చాచా అన్నిటికంటే మొండి ఎముక తీశాడు. ఈసారి దాన్ని అమ్మడానికి కాదు. కోపంగా ఉన్నవాడిలా కొట్టాడు. ఆపమని నేను అనేదాకా కొట్టాడు. అమ్మాయి తుడిచి గోరు నడిపింది. ఎక్కడా ఆగలేదు. నేను భూతద్దం పెట్టాను. ఒక చోట అంచు వెంట్రుకవాసి పక్కకు ఒరిగింది, అంతే. సాన కడ్డీ మీద రెండుసార్లు లాగితే నిటారుగా నిలబడింది.

"మొద్దయితది చాచా, పోయినేడు లెక్కనే అప్పుడప్పుడు కడ్డీ మీద గుంజాలె," అని అమ్మాయి ముందే చెప్పేసింది. "ఒరిగింది నిలబెట్టొచ్చు. ఇరిగింది పల్లెంలకు పోతది."

చాచా బుగ్దాను అటూ ఇటూ తిప్పాడు. ఆయన మనసు ఇంకా ఆ కాన్పు ఇంటి దగ్గరే ఉన్నట్టుంది. బేగంబజార్ ఊసు ఎత్తలేదు. సరుకంతా పంపమన్నాడు. తర్వాత, అలవాటు ఊరికే పోతుందా, ఆర్డరు చెప్పే గొంతు సవరించుకున్నాడు.

"ఇంకో రెండు చెయ్యి బేటీ, మావోళ్ల కోసం. నంబర్ ఎంత కావాల్నంటే..."

"నంబర్ నువ్వు చెప్పకు చాచా," అంది అమ్మాయి. గొంతు పెంచలేదు. "ఏం కొట్టేదుందో చెప్పు, ఎవరు కొడ్తరో చెప్పు. నంబర్ నేను చూస్కుంట."

ఆ షాపులో చాచా మాటకు అడ్డం వచ్చిన వాళ్లను నేనెప్పుడూ చూడలేదు. ఆయన కళ్లు చిట్లించి ఆమెనే చూశాడు. తర్వాత చేతులు తుడుచుకుని, మొద్దు పక్కన స్టూలు లాగి ఆమెకు వేశాడు. తన తమ్ముడి చెయ్యి మస్తు బరువని, నల్లీ మీద రెండో దెబ్బ పడకుండా ఒకటే దెబ్బకు తెగాలంటాడని, వాడి కత్తి మొద్దు లోపలి దాకా దిగిపోతుందని చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె మధ్యలో ఆపి, ఒక చేత్తో కొడతాడా, రెండు చేతులతోనా అని అడిగింది. రెండు చేతులతో అన్నాడు ఆయన.

"అయితే ఆయనకు నంబర్ ఇంకొక్కటి తగ్గించి ఇస్త," అంది.

చాచా సరేనన్నాడు.