వాలుకు సర్దిన వేగం

మా నాన్నగారు ఇస్త్రీ చెడని పంచె కట్టుకుని, ఉత్తరీయం వేసుకుని కొండెక్కారు. జూబ్లీహిల్స్‌లోని మా ఇల్లు చేయి దాటిపోయి, ఫిల్మ్ నగర్‌లో రెండు గదుల వాటాలోకి మారాక ఆయన నలుగురిలోకి రావడం మానేశారు. ఒకప్పుడు ఆయన తీసిన సినిమాలో పాట ఆ కొండ బండల మీదే తీశారు. అలాంటి మనిషి నా పరుగు పందెం చూడడానికి వస్తానన్నారు. నాకు కాలేజీ జట్టులో చోటు కంటే అదే ముఖ్యం. ఆయన ముందు నేను గెలవాలి.

తొంభైల మొదట్లో ఆ బండల మధ్య ఇంకా మట్టిబాటలు ఉండేవి. మా కాలేజీ వ్యాయామ అధ్యాపకుడు బోరబండ నుంచి సైకిల్ మీద వచ్చి మమ్మల్ని ఆ బాటల్లో పరిగెత్తించేవాడు. నాకు చదునులో కిలోమీటరు నాలుగు నిమిషాలు. ఎత్తు మీదా అదే నిలబెట్టాలని పళ్లు బిగించి ఎక్కేవాణ్ణి. పైకి చేరేసరికి తొడలు రాయయ్యేవి, దిగడానికి ఏమీ మిగిలేది కాదు. మా ఇంటివాళ్లం ఎక్కడా తగ్గం అన్న పట్టుదల అది.

మా అధ్యాపకుడు ఒకరోజు నన్ను కూర్చోబెట్టి బండ మీద సుద్దరాయితో గీతలు గీశాడు. నూరడుగులకు అయిదడుగులు లేచే ఎత్తు. అక్కడ నాలుగు నిమిషాల నలభై సెకన్లకు కిలోమీటరు వెళ్తే, ఒంటి శ్రమ చదునులో నాలుగు నిమిషాలతో సమానం. అంటే అక్కడ గడియారం నాలుగు నలభై చూపినా దాన్ని నాలుగుగానే చదవాలి. అదే వాలు దిగేటప్పుడు అంతే శ్రమతో మూడు నిమిషాల ముప్పై అయిదు సెకన్లు పడుతుంది. ఎక్కేటప్పుడు నలభై పోయాయి, దిగేటప్పుడు పాతికే వచ్చాయి. మిగిలింది ఎందుకు రాదని అడిగాను.

"దిగేటప్పుడు కాళ్లు బ్రేకులు వేస్తయి. వాలు మరీ నిటారైతే వచ్చేది ఇంకా తగ్గుతది. గీ లెక్క కూడా అందాజే, రాళ్లున్నకాడ అది నడవది. ఎక్కేటప్పుడు గడియారం చూడకు, జర ఊపిరి చూస్కో."

అంటే ఎక్కేటప్పుడు వెనకబడడం నేర్చుకోవాలి. నాకు అన్నిటికంటే కష్టమైన పాఠం అదే. అయినా నెలల తరబడి నేర్చుకున్నాను. ఇతరులు రొప్పుతూ నన్ను దాటిపోతుంటే, మాట్లాడగలిగేంత ఊపిరితో ఎక్కేవాణ్ణి. దిగువలో ఒక్కొక్కరూ నాకు దొరికేవారు.

పందెం రోజు నాన్నగారు శిఖరం దగ్గర మలుపులో నిలబడ్డారు. పక్కనే మా అధ్యాపకుడు. నాన్నగారిని ఎరిగిన సినిమావాళ్లు ఇద్దరు ముగ్గురు కూడా ఉన్నారు. నేను ఊపిరి తప్పకుండా ఎక్కుతున్నాను. ముందు చాలామంది ఉన్నారు. మలుపు కింద తలెత్తి చూశాను. నాన్నగారు నా ముందున్న వాళ్లను ఒక్కొక్కరినీ చూస్తున్నారు. తర్వాత ఉత్తరీయం సర్దుకుని ఇటు వీపు తిప్పి నడక మొదలుపెట్టారు.

పిలవాలనుకున్నాను. పిలిస్తే ఊపిరి తప్పుతుంది. పిలవలేదు.

దిగువలో అనుకున్నట్లే ఒక్కొక్కరినీ దాటాను. రెండో స్థానం, జట్టులో చోటు దక్కాయి. చెమట ఆరకముందే ఇంటికి వెళ్లాను. నాన్నగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు.

"రెండో స్థానం వచ్చింది నాన్నగారూ. చివరిదాకా ఉండాల్సింది."

"నీ ముందు ఎంతమంది ఉన్నారో నా పక్కనున్నవాళ్లు కూడా లెక్కపెట్టారు" అన్నారు.

ఎక్కేటప్పుడు అలా ఉండడమే పద్ధతి అని, పోయిన సమయంలో కొంతే దిగువలో తిరిగొస్తుందని, అదైనా రావాలంటే ముందే బలమంతా పోగొట్టుకోకూడదని చెప్పబోయాను. ఆయన చెయ్యి ఎత్తారు.

"పోయింది మొత్తం తిరిగి రాదని నువ్వు నాకు చెప్పాలా?"

ఇద్దరం ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఆ వర్షాకాలంలోనే ఆయన పోయారు. పరామర్శకు వచ్చిన మా అధ్యాపకుడు చాప మీద కూర్చుని చెప్పాడు.

"ఆ దినం సార్‌కు అంత చెప్పిన. మీ పిలగాడు ఇప్పుడు వెనక కనిపిస్తడు, దిగేటప్పుడు చూడుండ్రి అన్న. అర్థమైంది అన్నరు. గని నిన్ను గట్ల చూసి నిలబడలేకపోయిండ్రు."

ఇన్నాళ్లూ లెక్క తెలియక వెళ్లిపోయారని మనసుకు సర్దిచెప్పుకున్నాను. తెలిసే వెళ్లారు. తాను వెనకబడింది చాలక తనవాడూ నలుగురి కళ్ల ముందు వెనకబడి ఉండడం చూడలేకపోయారు. నేను దిగే వాలు ఇంకాసేపట్లో వచ్చేదే, కానీ ఆయనకు ఆ కాసేపు ఆగే ఓపిక కూడా మిగల్లేదు.

ఇప్పుడా బాట మీద మేడలు లేచాయి. మరో చోట, మరో కొండ మీద నేను ఇంకా పరిగెత్తుతాను. ఎక్కేటప్పుడు ఊపిరే చూసుకుంటాను, గడియారం చూడను. మలుపు దగ్గర తల ఎత్తను.