వీధి వరుస

పాప నిద్రపోయింది. ఇప్పటికీ కంప్యూటర్ తెర మీద ఏ జాబితా కనిపించినా మొదటి వరుసలను కాగితాలతో పోల్చి చూస్తాను. ఆ అలవాటు జమ్మలమడుగు వ్యవసాయ ఆఫీసులో ఒక రోజు వచ్చింది.

అప్పుడు నేను అక్కడ కాంట్రాక్టు ఆపరేటర్‌ని. మా ఆయన పెద్దముడియం వైపు ఒక ఊరి గోదాములో వేరుశనగ విత్తనాల మూటలు తూకం వేసేవాడు. ఆ ఊళ్ళో పై వీధి ఒక పార్టీ, కింది వీధి ఇంకో పార్టీ. ఏళ్ళుగా ఒక వీధి వాళ్ళు గోదాముకు వచ్చిన రోజు రెండో వీధి వాళ్ళు అటు తిరిగి చూసేవాళ్ళు కాదు. ఎవరూ పెట్టిన చట్టం కాదు. చంపుకోకుండా విత్తనాలు తెచ్చుకునే దారి అంతే.

విత్తనాలకు అర్జీ పెట్టిన రైతుల పేర్లతో నేను చేసే జాబితా ఆ దారికి తగ్గట్టే ఉండేది. ముందు వీధి, ఒకే వీధిలో తక్కువ పొలం ఉన్నవాళ్ళు ముందు, పొలం కూడా సమానమైతే ఎవరి అర్జీ నంబరు ముందుదో వాళ్ళు ముందు. కంప్యూటర్ ‘క’ను ‘ప’కన్నా ముందు పెడుతుంది కాబట్టి మొదటి రోజు కింది వీధిది. అందులో ఎవరి మొగ్గూ లేదు.

ఆ రోజు జాబితాను ఇంకా వరుసలో పెట్టకముందే మా అత్త పాపను తీసుకొచ్చింది. నేను పాలివ్వడానికి వెనక గదిలోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మా ఆఫీసరు సార్ ఆ పని తానే చేసి, ఎవరు ఏ రోజు ఏ వరుసలో రావాలో స్లిప్పులు రాయించి, అటెండర్‌ను ఊరికి పంపేశాడు. తెర మీద వీధులు చక్కగా వరుసలో ఉన్నాయి. కానీ పక్కన ఎకరాలు ఒకసారి రెండు, తర్వాత ఏడు, మళ్ళీ ఒకటి. మొదటి పేరు గొర్రెలు మేపే ముసలాయనది. ఆయన పై వీధి వాడని ఊరందరికీ తెలుసు. ఆయన పేరు పక్కన ‘కింది వీధి’ అని ఉంది.

సార్ వీధి ఉన్న నిలువు వరుసను మాత్రమే ఎంచుకున్నాడు. పక్కవాటిని కూడా కలపాలా అని కంప్యూటర్ అడిగితే, వద్దు, ఉన్నంతవరకే చెయ్యమన్నాడు. వీధులు కదిలాయి, పేర్లు కదల్లేదు. మొదటి రోజు స్లిప్పులు రెండు వీధుల వాళ్ళకూ వెళ్ళాయి. రేపు పొద్దున తక్కెడ దగ్గర నిలబడేది మా ఆయన.

చెబితే సార్ ఒప్పుకోలేదు.

"పేర్లన్నీ ఉండాయి గదమ్మా, ఏమి పోయింది?"

"ఎవరి వీధి వాళ్ళ దగ్గర లేదు సార్," అని ముసలాయన అర్జీ తీసి ముందు పెట్టాను. సార్ అది చూసి కుర్చీలోంచి లేచాడు.

ఫైలు సేవ్ చేసి మూసేశాడు కాబట్టి వెనక్కి తిప్పే వీలు లేదు. పొద్దున నేను వేరే పేరుతో దాచిన నకలు ఉంది. దాన్ని తెరిచి, అన్ని నిలువు వరుసలనూ కలిపి ఎంచుకున్నాను. మొదట వీధి, తర్వాత ఎకరాలు, ఆ తర్వాత అర్జీ నంబరు అని చెప్పి నొక్కాను. పై నుంచి, నడుమ నుంచి, కింద నుంచి కొన్ని అర్జీలు తీసి ఒక్కొక్క అడ్డ వరుసనూ సరిచూశాను. ఈసారి పేరూ వీధీ పొలమూ కలిసే కదిలాయి. సార్ అటెండర్‌కు ఫోన్ చేసి వెనక్కి పిలిపించి, కొత్త స్లిప్పులిచ్చి, పాతవి తెమ్మని మళ్ళీ పంపాడు. మా ఆయన ఫోన్ మాత్రం కలవలేదు.

సాయంత్రం పై వీధి నుంచి ఒకాయన వచ్చాడు. చేతిలో పాత స్లిప్పుల కట్ట. వాటిని అటెండర్‌కు ఇవ్వలేదట. బయట జీపులో ఇంకా మనుషులున్నారు. పాప నా ఒళ్ళోనే ఉంది.

"పొద్దున రేపు రమ్మంటిరి, ఇప్పుడు ఎల్లుండి అంటాండారు. కింది వీధోళ్ళు ఏం పెట్టినారు మీకు? ఆ గొర్రెలాయనకూ నాకూ రెండెకరాలే. ఆయప్ప నాకంటే ముందెట్లొచ్చినాడు?"

తెరను ఆయన వైపు తిప్పాను.

"ఇద్దరికీ పొలం సమానమన్నా. అప్పుడు అర్జీ నంబరు చూస్తుంది. ఆయనది నీకంటే ముందు."

"నాది ముందుదైతే నన్ను పైన పెడ్తాంటివా?"

"నేను పెట్టేది లేదన్నా. అదే పైకొస్తుంది."

తన రసీదు తీసి నంబరు చూసుకున్నాడు. సార్ సేవ్ చేసిన తప్పు జాబితాను తెరిచి, అందులో మొదటి రోజు పేర్లను ఒక్కొక్కటే చదవమన్నాను. కొన్ని చదివాక ఆగిపోయాడు. వాటిలో తన వాళ్ళూ ఉన్నారు, కింది వీధి వాళ్ళూ ఉన్నారు.

"అంటే రేపు వాళ్ళూ మేమూ ఒకేపారి వచ్చుంటిమి."

నేను తలూపాను. ఆయన కాసేపు పాపను చూశాడు. కట్టను అక్కడే వదిలి, ఎల్లుండే వస్తామని చెప్పి వెళ్ళాడు. జీపు చప్పుడు వినిపించకుండా పోయేదాకా నేను కదల్లేదు.

మరుసటి సాయంత్రం మా ఆయన చొక్కా నిండా వేరుశనగ పొట్టుతో వచ్చాడు. ఈ రోజు గోదాము శానా ప్రశాంతంగా ఉందని, కింది వీధి వాళ్ళు తప్ప ఒక్క మనిషీ రాలేదని చెప్పి అన్నానికి కూర్చున్నాడు. పాపను ఆయన చేతికిచ్చి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.