గంజి పెట్టిన డిగ్రీ పట్టా

ఇటు దగ్గరికి జరగండి. చాప చాలకపోతే ఆ గోనెపట్టా లాక్కోండి. నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే. కానీ ఒకసారి చూసిందీ విన్నదీ నా బుర్రలోంచి ఒక్క మెతుకు కూడా కింద పడదు. అందుకే చెబుతున్నాను, వినండి.

ఎనభైల నాటి మాట. గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో నేను ఆయాని. స్కూలుకి పెద్ద దిక్కు మా హెడ్‌మిస్ట్రెస్ అమ్మగారు. పొట్టి మనిషి, కళ్ళజోడు ముక్కు చివర ఉండేది. ఆఫీసు గదిలో గుమాస్తా గారు. మంచివారే గాని దేనికైనా ముందు కంగారుపడి, తర్వాత ఆలోచించే రకం.

ఆ ఏడు వేసవి సెలవుల్లో లెక్కల టీచరమ్మకి పెళ్ళయి దాచేపల్లి వెళ్ళిపోయింది. స్కూలు తెరిచేలోపు ఇంకొకరిని వెయ్యాలి. ఇద్దరు వచ్చారు. ఒకరు పొన్నూరు నుంచి వచ్చిన పెద్దాయన. ఇంకొకరు చీరాల నుంచి వచ్చిన అమ్మాయి, మగ్గం నేసే వాళ్ళ పిల్ల. నిరుడే బియ్యెస్సీ పూర్తి చేసింది. వాళ్ళ వీధి మొత్తానికి డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లట.

అమ్మగారు ఆ పిల్లని బోర్డు దగ్గర నిలబెట్టి మూడు లెక్కలు ఇచ్చారు. టకటకా చేసేసింది. చేయడమే కాదు, కిటికీలోంచి చూస్తున్న నన్ను పిలిచి, "పిన్నిగారూ, మీకు అర్థమైందా?" అని అడిగింది. నాకేం అర్థమవుతుంది! కానీ నన్ను అలా అడిగిన టీచరు అంతకుముందు లేదు. ఈ పిల్లే రావాలి దేవుడా అని అప్పుడే మొక్కేసుకున్నాను.

తర్వాత సర్టిఫికెట్లు బల్ల మీద పెట్టింది. గుమాస్తా గారు డిగ్రీ పట్టా చేతిలోకి తీసుకుని, బొటనవేలితో తడిమి, గోటితో కొట్టి చూశారు. టక్ టక్ మంది.

"అమ్మగారూ, ఇది డిగ్రీ కాదండీ, అప్పడం!"

నవ్వబోయి ఆగిపోయాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

గుమాస్తా గారు సైన్సు టీచరు పట్టా బీరువాలోంచి తీశారు. అదీ ఈ పిల్ల చదివిన యూనివర్సిటీదే. దాని మీద ముద్ర వేలికి ఎత్తుగా తగులుతోంది. ఈ పిల్ల పట్టా మీద ముద్ర ఉందంటే ఉంది గాని, చదునుగా అణిగిపోయింది. కాగితం అట్టలా బిర్రుగా ఉంది. పేరు రాసిన చోట సిరా కొంచెం పాకింది.

"సిరా పాకిందంటే దిద్దారన్నమాట. ముద్ర ఎత్తుగా లేదంటే ఇంట్లో తయారు చేశారన్నమాట. తేలిపోయిందండీ," అన్నారాయన.

ఆయన కంగారుకి కారణం ఉంది. నిరుడు ఒకాయన అదే యూనివర్సిటీ పేరుతో బంగారు అంచున్న పట్టా తెచ్చి ఉద్యోగంలో చేరాడు. ముద్ర గారెలా లేచి ఉందని గుమాస్తా గారే మురిసిపోయారు. పైగా పట్టా నిజమేనని యూనివర్సిటీ వాళ్ళు రాసిన ఉత్తరం కూడా ఆయనే చేత్తో పట్టుకొచ్చి ఇచ్చాడు. నెల తిరిగేసరికి పిల్లలు అడిగిన లెక్కకి సమాధానం రాక దగ్గడం మొదలెట్టాడు. అమ్మగారు యూనివర్సిటీకి నేరుగా రాస్తే, ఆ నంబరు ఇంకెవరిదో అని జవాబొచ్చింది. అదే రోజు మధ్యాహ్నం ఆయన టీ తాగొస్తానని వెళ్ళి మళ్ళీ కనపడలేదు.

అమ్మగారు కళ్ళజోడు పైకి తోసి, "ఏమండీ, ముద్ర తడిమి నిజం తేల్చగలిగితే నిరుడు మనం ఎందుకు మోసపోయాం? ముద్ర మంచిగా ఉన్నంత మాత్రాన అసలుదీ కాదు, చెడిపోయినంత మాత్రాన దొంగదీ కాదు," అన్నారు. తర్వాత ఆ పిల్లని అడిగారు, "ఇది ఇలా ఎందుకుందమ్మా?"

"నాకు తెలియదండీ. పోస్టులో ఇంటికొచ్చినప్పుడు నేను మా అత్త వాళ్ళింట్లో ఉన్నాను. నాన్న పెట్టెలో పెట్టి దాచారు. నేను చూసింది ఇలాగే," అంది పిల్ల.

అమ్మగారు కాగితాలన్నీ వరసగా పేర్చుకున్నారు. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా పేరూ తండ్రి పేరూ ఒకటేనా, ఏళ్ళు వరస తప్పకుండా ఉన్నాయా, మార్కులు కూడితే మొత్తం సరిపోతోందా అని పెన్సిలు పట్టుకుని చూశారు. అన్నీ సరిపోయాయి. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాసి ఉంటాయి గదా, వాటి కోసం నన్ను పిలిచారు.

"నువ్వు ఈ అమ్మాయిని పక్కగదిలోకి తీసుకెళ్ళు. కుడి మోచేతి కింద ఒకటి, మెడ వెనక ఎడమవైపు ఒకటి. చూసి చెప్పు."

పక్కగదిలో ఆ పిల్ల జడ పక్కకి తీసింది. "ఉందా పిన్నిగారూ?"

"ఉంది తల్లీ, మినప గింజంత. మోచేతిది కందిగింజంత."

"మీరు వంట చేస్తూ చూస్తున్నారా?" అని కళ్ళనీళ్ళతోనే నవ్వేసింది.

నేను ఆఫీసులోకొచ్చి రెండు మచ్చలూ ఉన్నాయని గట్టిగా చెప్పాను. గుమాస్తా గారు ఒప్పుకోలేదు. "మచ్చలుంటే పదో తరగతి ఈ అమ్మాయిదని తేలింది. డిగ్రీ సంగతేంటి?"

"ఆ మాట నిజం. డిగ్రీ సంగతి యూనివర్సిటీ రిజిస్టరే చెప్పాలి," అన్నారు అమ్మగారు.

ఆ పిల్ల ఆశగా, "నేనే వెళ్ళి రాయించుకొస్తానండీ, బస్సులో పొద్దున వెళ్తే సాయంత్రానికి వచ్చేస్తాను," అంది.

"వద్దమ్మా. నీ మీద అనుమానంతో కాదు. నీ చేతి మీదుగా వస్తే ఆ ఉత్తరానికి విలువుండదు."

అమ్మగారే ఉత్తరం రాశారు, యూనివర్సిటీ పరీక్షల కంట్రోలరు గారికి. రిజిస్టరు నంబరూ, పరీక్ష పాసైన నెలా ఏడాదీ రాసి, పట్టాకీ మార్కుల కాగితాలకీ జిరాక్సులు తీయించి జత చేశారు. వాళ్ళు అడిగే ఫీజుకి బ్యాంకు డ్రాఫ్టు తీయించారు. అడ్రసు కోసం ఆ పిల్ల ఇచ్చిన పట్టా చూడలేదు, నిరుడు యూనివర్సిటీ నుంచి నేరుగా వచ్చిన ఉత్తరం తీసి చూశారు. చివర్లో ఒక మాట రాసి మాకు చదివి వినిపించారు: "ఈ నంబరు ఎవరిదో, తండ్రి పేరేమిటో, ఏ క్లాసులో పాసయ్యారో మీ రిజిస్టరు చూసి మీరే రాయండి."

రిజిస్టరు పోస్టు నేనే వేసొచ్చాను. రసీదు కొంగున ముడేసుకున్నాను.

స్కూలు తెరిచారు. జవాబు రాలేదు. తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పమని అమ్మగారు గుమాస్తా గారినే పంపించారు. ఆయన హాజరు వేయడంతోనే గంట గడిపేసేవారు. పిల్లలకి పండగే పండగ. ఇంకోపక్క స్కూలు కమిటీ పెద్దలు తొందరపెట్టారు. నెలాఖరులోపు తేలకపోతే పొన్నూరు ఆయనకే ఉద్యోగం ఇచ్చెయ్యమన్నారు. ఆయన పట్టా పాతది, అంతకుముందు పనిచేసిన స్కూలువాళ్ళు సరిచూసినదే. నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

మూడోవారంలో ఒక పొద్దున గేటు దగ్గర గట్టిగా కేక వినపడింది. "నా కూతురి పట్టా దొంగదన్న బాబు ఎవరండీ?"

చీరాల నుంచి వాళ్ళ నాన్న. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, మగ్గం దగ్గర వంగి వంగి కొంచెం గూనితిరిగిన నడుము. వెనక ఆ పిల్ల, "నాన్నా, మెల్లగా నాన్నా," అని బతిమాలుతూ వస్తోంది. గుమాస్తా గారు హాజరు పట్టీ మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అమ్మగారు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, పట్టా చేతికిచ్చారు. "ఈ కాగితం ఇలా బిర్రుగా ఎందుకుందో మీకేమైనా తెలుసా అండీ?"

ఆయన మొహం ఒక్కసారిగా వెలిగింది. "తెలియకేమండీ, నా చేతి పనే! పోస్టాయన తెచ్చినరోజు ఒకటే వాన. కవరు తడిసి కాగితం ముడతలు పడిపోయింది. ఎంత బాధనిపించిందో! పడుగు దారానికి గంజి పెట్టకపోతే మగ్గం మీద నిలుస్తుందా? కాగితమైతే మాత్రం? పలచగా గంజి కాచి, వెనకవైపు కుంచెతో ఒక్క పూత పూశాను. నీడన ఆరబెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో చక్కగా ఇస్త్రీ చేశాను."

"మరి ముద్ర?" అన్నారు గుమాస్తా గారు, పట్టీ వెనక నుంచే.

"అదా! అక్కడ ముడి పడ్డట్టు బొడిపెలు బొడిపెలుగా ఉందండీ. బట్టలో అలాంటిదుంటే షావుకారు వెనక్కి కొడతాడు. అందుకని అక్కడ ఇంకో నాలుగుసార్లు గట్టిగా రుద్దాను. చూడండి ఎంత సాపుగా వచ్చిందో!"

అమ్మగారు నవ్వడం మొదలెట్టారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నేను గోడకి ఆనుకుని కూలబడ్డాను. ఆ పిల్ల, "అయ్యో నాన్నా, అది యూనివర్సిటీ ముద్ర నాన్నా!" అని తల పట్టుకుని, తనూ నవ్వింది. పాపం ఆయన మాత్రం, "ఏం, బాగా రాలేదా?" అని అందరి మొహాలూ చూశాడు.

గుమాస్తా గారు కుర్చీలోంచి లేచారు. "అయితే ఇంకేమండీ, ఆర్డరు టైపు కొట్టేస్తాను."

"కూర్చోండి," అన్నారు అమ్మగారు. "ఈయన కథ బాగుంది. నిరుడు పారిపోయినాయన చెప్పిన కథలు ఇంకా బాగుండేవి. ఉత్తరం రావాల్సిందే."

నాకు కోపం వచ్చింది గాని, చీరాల ఆయనకి రాలేదు. "అంతేనండీ. మేమూ అంతే. బేరగాడు ఎంత చక్కగా మాట్లాడినా నూలు మేం కొలుచుకునే తీసుకుంటాం," అని కూతుర్ని తీసుకుని రైలుకి వెళ్ళిపోయాడు.

నెలాఖరు ఇంక రెండు రోజులుందనగా, గురువారం, పోస్టుమాన్ రిజిస్టరు కవరు తెచ్చాడు. అమ్మగారు ముందు కవరు మీద పోస్టు ముద్ర చూశారు. లోపలి కాగితాన్ని నిరుడు ఉత్తరం పక్కన పెట్టి, సంతకం హోదా, ఆఫీసు ముద్ర చూశారు. అప్పుడు గుమాస్తా గారు పట్టా పట్టుకుంటే ఆవిడ ఉత్తరం చదివారు. నంబరు. సరిపోయింది. పేరు. సరిపోయింది. తండ్రి పేరు. సరిపోయింది. లెక్కలు ముఖ్య సబ్జెక్టు, ఫస్టు క్లాసు. సరిపోయింది, సరిపోయింది! చివరి మాటకి గుమాస్తా గారి గొంతే పెద్దదైపోయింది. నేను ఇంటర్వెల్ కాకుండానే గంట కొట్టేశాను. పిల్లలంతా బయటికి పరిగెత్తుకొచ్చారు. అమ్మగారు తిట్టలేదు.

"కార్డు రాయనా అమ్మగారూ?" అన్నాను, రాయడం రానిదాన్ని.

"కార్డు ఎందుకు? నేనే వెళ్తాను. అప్పడం అన్న నోటితోనే చెప్పాలిగా," అని గుమాస్తా గారు ఆర్డరు జేబులో పెట్టుకుని చీరాల రైలెక్కారు. వాళ్ళు కోప్పడతారేమోనని దారంతా భయపడ్డారట. వాళ్ళు కోడి కోసి, అన్నం పెట్టి, వీధంతా తిప్పి చూపించారట. మర్నాడు ఆయన ఆ పిల్లని వెంటబెట్టుకుని వచ్చేసరికి ఇంకా తేనుస్తూనే ఉన్నారు.

గుమాస్తా గారి క్లాసు పోయిందని తొమ్మిదో తరగతి మూలిగింది. అది ఒక్కరోజే. రెండోవారానికల్లా గంట కొట్టినా, "ఇంకో లెక్క టీచర్, ఇంకొక్కటి," అని కదిలేవాళ్ళు కాదు. ఒకరోజు క్లాసులు అయ్యాక ఆ అమ్మాయి నన్ను ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, సుద్దముక్క చేతిలో పెట్టి, నా చేయి పట్టుకుని నా పేరు రాయించింది. వంకరగా వచ్చింది గాని, నాదే.

ఇంక లేవండి, పొద్దుపోయింది. మీ కళ్ళం మీద మిరప ఎర్రగా ఆరాలి, మీ పత్తి తెల్లగా పగలాలి. మీ ఇంట ఆడపిల్లా మగపిల్లాడూ కోరిన చదువు చదివి, తలెత్తుకుని గుమ్మం దాటి, నవ్వుకుంటూ తిరిగి రావాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.