నేను మింగిన మాట

డెబ్బైల చివర్లో పాతబస్తీలోని ఒక క్రిమినల్ కోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేశాను. మా మేజిస్ట్రేటు గారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన పెద్దమనిషి. ఉర్దూ ఒక్క ముక్క రాదు. బోనులో మనిషి దక్కనీ ఉర్దూలో చెప్పింది నేను తెలుగులో చెప్పాలి. ఆయన దాన్ని ఇంగ్లీషులోకి మార్చి టైపిస్టుకు చెప్పాలి. టైపయిందే సాక్ష్యం. కాగితం మీదికి ఎక్కని మాట ఆ గదిలో ఎవరూ పలకనట్టే లెక్క.

యాకుత్‌పురాలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి దక్కనీ తిట్లు నాకు అన్నంతో పాటే వంటబట్టాయి. తాగుబోతుల కేసులు వస్తే వాటిని అక్షరం పొల్లు పోకుండా తెలుగులోకి దించేవాణ్ణి. వకీళ్లు పడీపడీ నవ్వేవారు. ఆ నవ్వులు వింటే నాకు చొక్కా బిగువయ్యేది. ఉన్నది ఉన్నట్టు చెప్తానని ప్రమాణం చేసిన మనిషిని కదా, నిజాయితీ అంటే ఇదేననుకునేవాణ్ణి.

అప్పుడొచ్చింది ఉస్మాన్‌గంజ్ కేసు. అక్కడొక మిరపకాయల గోదాములో తొడిమలు తీసే ఆడవాళ్లలో ఒకామె ఫిర్యాదీ. ముప్పై ఏళ్లుంటాయేమో. కూలీల మీద పెత్తనం చేసే ముకద్దం ముద్దాయి. ఒకరోజు అందరి ముందూ వాడు కాంటా చూపించి ఆమెను ఒక మాటన్నాడు. అందులో ఆమె ఒంట్లోని ఒక భాగం పేరుంది, దాన్ని కాంటాలో పెట్టి తూకానికి కొంటానన్న బేరముంది, చివర్లో పదకొండేళ్ల ఆమె కూతురి ఊసు కూడా ఉంది. అసలు మాటలు ఇప్పటికీ నా కలానికి రావడం లేదు. చూశారుగా, నా జబ్బు ఇంకా తగ్గలేదు.

ఆమె నేరుగా పోలీస్ స్టేషనుకు వెళ్లింది. ఆడమనిషి మర్యాదకు భంగం కలిగించే మాట అన్నాడని కేసు పెట్టారు. ఇలాంటి కేసులో దెబ్బలుండవు, చూపించడానికి గాయముండదు. అన్న మాటే నేరం. తోటి కూలీలు పని పోతుందని భయపడి, మేమేమీ వినలేదన్నారు. మిగిలింది ఆమె ఒక్కతే. ఈలోగా ముకద్దం మనుషులు ఆమే వాడి వెంట పడిందని గంజంతా చాటారు. భర్త ఆమెను చాంద్రాయణగుట్టలో తల్లి ఇంటికి పంపేశాడు. కోర్టు నీ మాట నిజమంటే ఇంటికి రా, లేదంటే కూతుర్ని కూడా చూడనివ్వనన్నాడు. కేసు చూస్తున్న పోలీసు జవాను ఇదంతా పొద్దున్నే నా చెవిన వేశాడు. అంటే తెలిసే చేశాను, తెలియక కాదు.

ఆ రోజు కోర్టు కిటకిటలాడింది. బూతుల కేసంటే మన జనానికి ఉత్సాహం ఎక్కువ. ఆమె బుర్ఖాలో బోనెక్కింది.

"ముద్దాయి ఏమన్నాడో చెప్పమనండి" అన్నాడు ప్రభుత్వ వకీలు. ఆయనా కొత్తగా బయటి జిల్లా నుంచి వచ్చినవాడే, ఉర్దూ రాదు.

నేను అడిగాను. ఆమె బోను కొయ్య పట్టుకుంది. తలెత్తి చెప్పింది. వాడన్న మాట వాడన్నట్టే, ఒక్క ముక్క తీసేయకుండా, కూతురి ఊసుతో సహా. ఎక్కడా ఆగలేదు. వెనక బెంచీలు గొల్లుమన్నాయి. ముద్దాయి కూడా మీసం చాటున నవ్వాడు.

"ఏమందయ్యా?" అన్నారు మేజిస్ట్రేటు గారు.

మగాళ్ల తిట్లు చెప్పేటప్పుడు లేని సిగ్గు నాకప్పుడెక్కడి నుంచి ఊడిపడిందో. దక్కనీలో విన్నంతసేపూ అది బజారు మాట. తెలుగులోకి రాగానే మా అమ్మ మాట్లాడే భాషలో ఆ అవయవం పేరు, నా నోటితో, అంత పెద్దాయన ముందు! పైగా ఆమె పరువు కాపాడుతున్నానని కూడా అనుకున్నాను. ఆమె పరువు! ఆమె దాన్ని అప్పుడే అందరి ముందూ పెట్టేసింది. నేను కాపాడుకున్నది నా పరువు.

"నోటితో చెప్పలేని బూతులు తిట్టాడంటోందండీ" అన్నాను.

ఆయన ఇబ్బందిగా తలూపి, అసభ్య పదజాలంతో దూషించాడని ఇంగ్లీషులో చెప్పారు. టైపు మిషను నాలుగుసార్లు టకటకలాడి ఊరుకుంది. ముద్దాయి వకీలు బస్తీ మనిషి, ఆమె చెప్పిన ప్రతి మాటా అర్థమైనవాడు. నా వైపు ఒకసారి చూసి కలానికి మూత పెట్టేశాడు. తన వంతు వచ్చినప్పుడు ఆ మాట గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

సాక్ష్యం అయ్యాక దాన్ని సాక్షికి తన భాషలో చదివి వినిపించాలి. అదీ నా పనే. ‘గందీ గాలియాఁ దియా’, అంటే బూతులు తిట్టాడు, అని చదివాను. ఆమె చటుక్కున తలెత్తింది.

"నక్కో సాబ్. ఉనే బోల్యా సో మై పూరా బోలీ. వోఇచ్ లిఖో."

వాడన్నది తను పూర్తిగా చెప్పింది, అదే రాయమంటోంది.

"ఏకీచ్ బాత్ హై అమ్మా. అంగూఠా లగావ్" అన్నాను. రెండూ ఒకటేనమ్మా, వేలిముద్ర వెయ్యి అని.

"ఏమంటోంది?" అన్నారు మేజిస్ట్రేటు గారు.

"సరిగ్గానే ఉందంటోందండీ."

ఆమె ఇంకోసారి నా మొహంలోకి చూసి, సర్కారు మనిషి చెప్తున్నాడు కదా అని వేలిముద్ర వేసింది.

తర్వాతి వాయిదాలో ముద్దాయి వకీలు లేచాడు. అసభ్యం అనేది సాక్షి అభిప్రాయం, అసలు ఏ మాటన్నాడో సాక్ష్యంలో ఎక్కడుంది, మాటే తెలియకుండా నేరమెలా తేలుస్తారన్నాడు. ప్రభుత్వ వకీలు ఫిర్యాదు కాగితం తిరగేశాడు. మాటలు అందులో ఉన్నాయి, కానీ పోలీసులకిచ్చిన ఫిర్యాదు కోర్టులో చెప్పిన సాక్ష్యం కాదు. నేను లేచి, ఆమె చెప్పింది, నేనే మింగానని ఒక్క మాటంటే సరిపోయేది. ప్రమాణం తప్పినందుకు ఉద్యోగం పోయేది. బల్ల కింద చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. వారం తిరక్కుండానే ముద్దాయిని విడుదల చేశారు.

ఆ రోజు వరండాలో ముద్దాయి వకీలు నా భుజం తట్టాడు.

"మస్తు షరాఫత్, మస్తు మర్యాద ఉన్న మనిషివన్నా నువ్వు. వకాల్తా నాది, పని నువ్వు చేసినవ్" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

గేటు దగ్గర ఆమె భర్త సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. గంజ్‌లో బండి లాగే మనిషి కాబట్టి తెలుగు బాగానే వచ్చు. ఆమె నాలుగడుగుల వెనక ఉంది.

"అన్నా, జడ్జి సాబ్ ఏమన్నడు? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"రుజువు కాలేదన్నరు. వాణ్ణి ఇడిసిపెట్టిన్రు" అన్నాను. అప్పుడు మాత్రం ఒక్క ముక్క కూడా మింగలేదు.

"అంటే, ఇది కోర్టుల ఆ మాట చెప్పనేలేదా? చెప్పిన అని నాతోటి లొల్లి చేస్తున్నది."

ఆమె ముసుగు ఎత్తి ముందుకొచ్చింది. "మై బోలీ నా సాబ్? సబ్కే సామ్నే బోలీ నా? ఇనకూ బోలో" అంది. అందరి ముందూ చెప్పాను కదా, ఈయనకు చెప్పండి అని.

ఇద్దరూ నా నోటి వైపే చూస్తున్నారు. కాగితంలో ఏముందో అదే చెప్పగలనని అతనితో అని, లోపల నన్ను పిలుస్తున్నారని గబగబా మెట్లెక్కాను. పై మెట్టు మీంచి వెనక్కి తిరిగి చూస్తే అతను సైకిలెక్కి ఒక్కడే పోతున్నాడు, ఆమె ఇంకా నా వైపే చూస్తోంది.